గిట్‌హబ్ వెబ్‌సైట్‌కు రెండు గంటల అంతరాయం: కారణాలు, నివారణ చర్యలు

కంప్యూటర్ ప్రోగ్రాముల భాండాగారమైన గిట్‌హబ్ వెబ్‌సైట్ 2016 జనవరి 28న భారత కాలమానం ప్రకారం ఉదయం 5.53 గంటలకు నిలిచిపోయి, 2 గంటల 6 నిమిషాల అనంతరం పునరుద్ధరింపబడింది. దీనిపై సంస్థ వెలువరించిన సమీక్షా నివేదిక ఏ ఉద్యోగినీ దోషిగా పేర్కొనలేదు. వ్యవస్థలో లోపం ఎక్కడ ఉన్నదో మాత్రమే పరిశీలించింది.

ప్రధాన డేటా కేంద్రంలో విద్యుత్ సరఫరాకు స్వల్ప అంతరాయం కలుగగా, నాలుగో వంతుకు పైగా సర్వర్లు ఆగి తిరిగి ప్రారంభమయ్యాయి. సిబ్బంది వాడే సమన్వయ వ్యవస్థలు సైతం వాటిపైనే ఉన్నందున, అంతరాయాన్ని బహిరంగంగా ప్రకటించడానికే 8 నిమిషాలు పట్టింది. బయటి నుంచి దాడి జరిగిందేమోనన్న అనుమానంతో తొలుత కొంత సమయం రక్షణ ఏర్పాట్లకు వెచ్చించారు. అనంతరం, తిరిగి పనిచేయని సర్వర్లన్నీ ఒకే రకానికి చెందినవని గుర్తించారు. వాటిని వేర్వేరు ర్యాక్‌లలో అమర్చినా, రకం ఒకటే కావడంతో ఆ ముందుజాగ్రత్త అక్కరకు రాలేదు.

ఫర్మ్‌వేర్ లోపం వల్ల ఆ సర్వర్లు తమ డిస్కులనే గుర్తించలేకపోయాయి. రెడిస్ అనే డేటా నిల్వ వ్యవస్థ వాటిపైనే ఉండేది. అది లేనిదే వెబ్‌సైట్ ప్రోగ్రామ్ ప్రారంభం కాని విధంగా కోడ్‌లో ఒక నిబంధన అనుకోకుండా చేరి ఉంది. అసలు చిక్కు ఇదే. విద్యుత్ తిరిగి వచ్చినా వెబ్‌సైట్ రాలేదు. ఒక బృందం ఆగిన సర్వర్లను సరిచేస్తుండగా, మరో బృందం ఇతర సర్వర్లపై రెడిస్‌ను పునర్నిర్మించింది.

విద్యుత్ అంతరాయాలను పూర్తిగా నివారించడం సాధ్యం కాదని నివేదిక అంగీకరించింది. అందువల్ల ఫర్మ్‌వేర్‌ను నవీకరించడం, రెడిస్ లేకున్నా ప్రోగ్రామ్ ప్రారంభమవుతున్నదీ లేనిదీ పరీక్షించడం, కొత్త సర్వర్లను సిద్ధం చేసే అంతర్గత వ్యవస్థల లభ్యతను సమీక్షించడం వంటి చర్యలను చేపట్టారు.