మండపం మాదే, షాండ్లియర్ మాది కాదు

ముప్పై సెకన్ల వీడియో అది. హాలు గుమ్మానికి కట్టిన అరటి చెట్ల దగ్గర మొదలై, బంతి దండల పక్కగా నడిచి, మండపం ముందు ఒక్క క్షణం ఆగి, పైకి తిరిగి వేలాడే షాండ్లియర్ మీద ముగుస్తుంది. తీసింది మా చిన్నాన్నగారి పెద్దబ్బాయి. కడియం దగ్గర పూల కొట్టు ఉంది, ఏళ్ల తరబడి పెళ్లి మండపాలు అలంకరిస్తున్నాడు. వీడియో కింద అన్నయ్య ఇలా రాశాడు: "రాజమండ్రిలో నంబర్ వన్ డెకరేషన్! మీ బడ్జెట్‌లో రాయల్ వెడ్డింగ్! ఇప్పుడే కాల్ చేయండి!"

ఫోన్లు బాగానే వచ్చాయి. ఎక్కువ మంది "ఎంతండీ?" అని అడిగి, "మండపం ఎంత వెడల్పు? ఏ రోజు?" అని ఈయన తిరిగి అడిగేసరికి పెట్టేశారు. ఒక్కటి కుదిరింది. పెళ్లికూతురి తండ్రి అడ్వాన్స్ ఇచ్చి, "వీడియోలో ఉన్నట్టే ఉండాలి బాబూ" అన్నారు. సరేనన్నాడు. పెళ్లికి ముందు రోజు రాత్రి మండపం చూసి ఆయన అలా నిలబడిపోయారు. "పైన వేలాడేది ఏదీ?" అన్నారు. అది వీడియో తీసిన హాలు వాళ్లది. "ఆ లైట్లేవి?" అవి లైటింగ్ వాళ్లవి, వాళ్లతో మాట్లాడుకున్నది ఆ పెళ్లివారు. "తెల్ల గులాబీలు ఇవి కావుగా?" వీడియోలో కనిపించినవి గుడ్డ పూలు. ఈసారి పెట్టినవి నిజమైన పూలే అయినా అంత నిండుగా లేవు. చివరికి బాకీలో కొంత కోసుకుని ఇచ్చారు. అన్నయ్యకి డబ్బు పోయిన బాధకన్నా, మోసగాడిలా చూశారన్న బాధ ఎక్కువైంది. "నేనేం అబద్ధం చెప్పాను తమ్ముడూ?" అని అడిగాడు.

చెప్పలేదు నిజమే. కానీ ఆ వీడియో చూసినవాళ్లు కంటికి కనబడిందంతా ఆయన పనే అనుకుంటారు. కాదని చెప్పగలిగే చోటు కింద రాసే ఆ నాలుగు లైన్లే. ఆ చోటుని నంబర్ వన్ అనే మాటకి ఇచ్చేశాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే పచ్చి అబద్ధం ఒక్కటే అనలేదు. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడాన్నీ అందులోనే చేర్చింది. వస్తువులకే కాదు, సేవలకీ అది వర్తిస్తుంది. పూల కొట్టు వాళ్ల మీద కేసులు పడతాయని బెదిరించడానికి ఈ మాట చెప్పడం లేదు. పెళ్లికూతురి తండ్రి మనసులో ఆ రాత్రి మెదిలిన న్యాయం కూడా సరిగ్గా అదే.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని అదే వీడియోకి క్యాప్షన్ మళ్లీ రాశాం. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోని మార్చలేం కానీ, కింది మాటల్ని ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. ముందు అన్నయ్యని మండపం గురించి చెప్పమన్నాను, పొగడకుండా. వెనక గోడ 16 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. మూడంగుళాలకో బంతి దండ చొప్పున పైనుంచి కిందికి వేలాడదీశారు. లెక్కేస్తే 64 దండలు, ఒక్కోటి పదడుగులు. అంటే 640 అడుగుల దండ. ముందు రోజే ఊళ్లో ఆడవాళ్ల చేత గుచ్చించాడు. హాలులో ఆరుగురు సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే రాత్రి పదకొండయింది. ఇవన్నీ ఆయనకి నోటికి వచ్చు, రాయాలని మాత్రం తోచలేదు. "ఇవెవరిక్కావాలి తమ్ముడూ, అందంగా ఉందని రాస్తే సరిపోదా?" అన్నాడు. అందంగా ఉందో లేదో వీడియో చూపిస్తుంది. 64 దండలని రాస్తే, కూతురి పెళ్లి పెట్టుకున్నవాళ్లు తమ హాలు గోడ గుర్తు తెచ్చుకుని మనసులో కొలుచుకుంటారు. ఫోన్ చేసేనాటికి సగం మాట అయిపోయినట్టే.

మొదటి లైన్ దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. రీల్ కింద పైకి కనిపించేది ఆ ఒక్క లైనే, మిగతాదంతా `more` నొక్కితేనే తెరుచుకుంటుంది. చాలామంది నొక్కరు. అందుకే ఊరు, ఏం పని, ఏ పూలు అన్నవి అక్కడే రావాలి. "మీ కలల పెళ్లికి" అని మొదలుపెడితే ఆ చోటు వృథా అవుతుంది. విజయవాడలో చూస్తున్నవాళ్లకి మనం ఎక్కడివాళ్లమో తెలియదు, రాజమండ్రిలో చూస్తున్నవాళ్లకి మనం పక్కనే ఉన్నామనీ తెలియదు.

పూల గురించి రాసేటప్పుడు అన్నయ్య తటపటాయించాడు. గుడ్డ పూలని ఒప్పుకుంటే చులకన అవుతామేమోనని. నాకు అలా అనిపించలేదు. మండపం పైభాగంలో, చేతికందని చోట, ఎండ తగిలే చోట గుడ్డ పూలు వాడటం ఈ పనిలో మామూలే. బంతి ఒక రోజు దాటినా నిలబడుతుంది. మల్లెమొగ్గ రాత్రికి విచ్చుకుని మర్నాటి మధ్యాహ్నానికి గోధుమరంగుకి తిరుగుతుంది. జెర్బెరా నీళ్లు అందకపోతే మెడ వాల్చేస్తుంది. ఇక్కడే ఇంకో సంగతి ఉంది. రీల్ ఎప్పుడూ పని అయ్యీ అవగానే తీస్తారు, పూలు ఎంత తాజాగా ఉండాలో అంత తాజాగా ఉన్న వేళ. ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికైతే పర్వాలేదు. మర్నాడు పగలు పదకొండింటికైతే పీటల మీద కూర్చునేవాళ్లు చూసే మండపం వీడియోలోది కాదు. అందుకే వీడియో ఎన్నింటికి తీశామో రాశాం. ఆ ఒక్క ముక్క చదివి "మా ముహూర్తం పగటిపూటండీ, మరి మల్లెలు వద్దా?" అని అడిగినవాళ్లకి, కిందివైపు బంతీ చామంతీ వేసి మల్లెల్ని పొద్దున్నే తెచ్చి కడతామని చెప్పే వీలుంటుంది.

రంగు విషయంలోనూ జాగ్రత్త కావాలి. పసుప్పచ్చ లైట్ల కింద తెల్ల చామంతి మీగడ రంగులో కనిపిస్తుంది. పైన ఫోన్లో ఫిల్టర్ వేస్తే నారింజ బంతి ఎర్రగా మారుతుంది. అమ్మాయి చీరకి నప్పే పూలు కావాలని రంగు చూసి అడిగేవాళ్లుంటారు కాబట్టి, ఫిల్టర్ తీసేసి మళ్లీ పెట్టడమే నయం. ఇక వేరేచోట దొరికిన ఫోటోల్నీ వీడియోల్నీ పెట్టి కింద మౌనంగా ఉండటం ఈ వ్యాపారంలో బాగా ఉన్న అలవాటు. నాకు అది అస్సలు నచ్చదు. మన చేతుల్లోంచి రాని మండపం చూసి డబ్బిచ్చినవాళ్లకి మనం ఏం చూపిస్తాం?

అన్నిటికన్నా ఎక్కువ సేపు తేలనిది ధర. "కేవలం 15 వేల నుంచి" అని రాద్దామన్నాడు, చుట్టుపక్కల అందరూ అలాగే రాస్తున్నారు కనుక. ఆ ధరకి ఏమొస్తుందని అడిగాను. గుమ్మానికి తోరణం, రెండు అరటి చెట్లు, చిన్న తెర. వీడియోలో కనిపించేది మాత్రం దానికి ఎన్నో రెట్లు. పెద్ద మండపం చూపించి చిన్న ధర రాస్తే, చూసినవాళ్లు ఆ ధర ఆ మండపానిదే అనుకుంటారు. చెప్పిన ధరకి అమ్మే వీలు లేకుండానే తక్కువ ధర చూపి పిలవడాన్ని 2022లో కేంద్రం తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు ఎర ప్రకటన కిందే లెక్కేశాయి. పోనీ ఈ మండపానికి అయినదే రాద్దామంటే దానికీ చిక్కుంది. కడియపులంక మార్కెట్లో బంతి ధర ఇవాళ ఉన్నట్టు రేపుండదు. శ్రావణ శుక్రవారాలకి, దసరాకి, ముహూర్తాలు ఒత్తుగా పడ్డ వారానికి పైకి లేస్తుంది. ఆషాఢంలో, మూఢంలో పడిపోతుంది. పైగా వేరేవాళ్లు పెట్టిన ఖర్చుని వాళ్లని అడగకుండా లోకానికి చెప్పకూడదు. చివరికి అంకె వేయలేదు. ధర వేటి మీద ఆధారపడుతుందో మాత్రం రాశాం.

అసలు అడగాల్సింది మాత్రం ఆఖరి లైన్‌లో పెట్టాం. మండపాలు కట్టేవాళ్ల దగ్గర అయిపోయే సరుకు పూలు కాదు, తేదీలు. ఉన్న మనుషులతో అన్నయ్య ఒక ముహూర్తానికి రెండు మండపాలు దాటి ఒప్పుకోలేడు. కాబట్టి వచ్చే మెసేజ్‌లో ముందు తేదీ ఉండాలి. ఆ తర్వాత ఊరు, హాలు పేరు. హాలు తెలిస్తే గోడ కొలత, పైన కొక్కేలున్నాయా, లోపలికి రాత్రి ఎన్నింటికి వదులుతారు అన్నవి ఆయనకే తెలిసిపోతాయి. "రెండు తేదీలే మిగిలాయి, త్వరపడండి" అన్న మాట కూడా నిజంగా రెండే మిగిలినప్పుడు రాయొచ్చు. నిండిపోయిన రోజున దిద్దకపోతే అదీ అబద్ధమే అవుతుంది.

ఇన్ని మాటలయ్యాక తయారైన క్యాప్షన్ ఇది:

"రాజమండ్రిలో పెళ్లి మండపం: 16 అడుగుల గోడకి 64 తాజా బంతి దండలు.
పైన చుట్టూ ఉన్న తెల్ల గులాబీలు గుడ్డవి. షాండ్లియర్ హాలు వారిది, లైటింగ్ మేం చేయలేదు.
దండలు ముందు రోజు గుచ్చించి, ఆరుగురం ఏడు గంటల్లో కట్టాం. వీడియో రాత్రి 11 గంటలకి, పని అవగానే తీసింది. ఫిల్టర్ వేయలేదు.
ధర పూల రకాన్ని, మండపం కొలతని, ఆ వారం మార్కెట్‌ని బట్టి ఉంటుంది. దేనికెంతో విడివిడిగా రాసిస్తాం.
పెళ్లి తేదీ, ఊరు, హాలు పేరు మెసేజ్ చేయండి. ఆ రోజు ఖాళీ ఉందో లేదో ముందు చెబుతాం."

మెసేజ్ చేయమన్నాం సరే, ఎక్కడికి? క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. అందుకని ప్రొఫైల్లో వాట్సాప్ లింకు పెట్టాం. దాని రూపం ఇది, చివర పది అంకెల నంబరు వేసుకోవాలి, ముందు ప్లస్ గుర్తు గానీ మధ్యలో ఖాళీలు గానీ ఉండకూడదు:

```
https://wa.me/91XXXXXXXXXX
```

పెట్టే ముందు ఇంకో ఫోన్ చేశాడు అన్నయ్య, ఆ పెళ్లివారికి. వీడియోలో ఒకచోట పెళ్లికూతురి నాయనమ్మ కుర్చీలో కూర్చుని కనిపిస్తుంది. "ఆవిడ ఉన్న ముక్క తీసేయమంటారా అమ్మా?" అని అడిగాడు. ఉంచమన్నారు, పేర్లు మాత్రం వేయొద్దన్నారు.

కొత్త క్యాప్షన్‌కి "ఎంతండీ?" ఫోన్లు తగ్గాయి. పది రోజుల తర్వాత తణుకు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. మాఘంలో తేదీ, హాలు పేరు, ముహూర్తం పగలు పదిన్నరకని, గుడ్డ పూలు ఎక్కడా వద్దని, లైటింగ్ వేరే చూసుకున్నామని అన్నీ అందులోనే ఉన్నాయి. అన్నయ్య డైరీ తీసి చూశాడు. ఆ రోజుకి అప్పటికే రెండు మండపాలు ఒప్పుకుని ఉన్నాడు. "ఆ రోజు ఖాళీ లేదండీ, క్షమించండి. మీ దగ్గర్లోనే మండపాలు బాగా కట్టే ఒకాయన ఉన్నారు, నంబరు పంపమంటారా?" అని రాసి నాకు చూపించాడు.