గోలీ ఒకటే, షిఫ్టులు మూడు

మందుల చీటీ మీద ‘ఉదయం టిఫిన్‌కు ముందు ఒకటి’ అని ఉంటుంది. గోదావరిఖనిలో ఆ ఉదయం వారానికోలా ఉంటుంది. మొదటి షిఫ్టులో అది బాయికి బయలుదేరే వేళ. రాత్రి షిఫ్టులో ఏడింటికి పైకొచ్చి, స్నానం చేసి, ఇంత ఏదో తిని పడుకునే వేళ. షుగర్ గోలీలను పోల్చేటప్పుడు ఏది ఎంత తగ్గిస్తుందనే అందరూ చూస్తారు. బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి గోలీ రాసేటప్పుడు మాత్రం, అతను తినని పూట అది ఏం చేస్తుందన్నది ముందు చూడాలని నా వాదన.

ఈ ప్రశ్న ముఖ్యంగా గ్లిమిపిరైడ్ గురించి. చవక, బలంగా పనిచేస్తుంది, మెట్‌ఫార్మిన్‌తో కలిపిన గోలీగా మన దేశంలో విరివిగా రాస్తారు. క్లోమంలోని బీటా కణానికి ఒక తలుపు ఉంది. తిన్న చక్కెర కణంలోకి వెళ్లి ఖర్చయితేనే ఆ తలుపు మూతపడి ఇన్సులిన్ బయటికొస్తుంది. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్, పాత గ్లిబెన్‌క్లమైడ్, అంటే సల్ఫోనైల్‌యూరియాలన్నీ, చక్కెరతో పని లేకుండా ఆ తలుపును తామే మూసేస్తాయి. రక్తంలో చక్కెర 250 ఉన్నా, 80 ఉన్నా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. అసలు ఈ కుటుంబం బయటపడిందే ఆ దోషం వల్ల. 1942లో ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియెలో టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇస్తే, చక్కెర పడిపోయి కొందరు కుప్పకూలారు. ఎందుకని వెతికితే మధుమేహానికి మందు దొరికింది. కాబట్టి లో-షుగర్‌ను ఈ గోలీకి ఎప్పుడో వచ్చే దుష్ఫలితం అనుకోకూడదు. గోలీ పనిచేసే తీరులోనే అది ఉంది. బరువు పెరగడమూ అక్కడి నుంచే వస్తుంది. మూత్రంలో పోయే చక్కెర ఒంట్లో నిలుస్తుంది, ఎక్కువైన ఇన్సులిన్ దాన్ని కొవ్వుగా దాస్తుంది, కళ్లు తిరుగుతాయన్న భయంతో మనిషి మధ్యమధ్యలో బిస్కెట్లు తింటాడు. మామూలుగా రెండు కిలోల వరకూ పెరుగుతారు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. యాభై ఏళ్ల ఎస్‌డీఎల్ ఆపరేటర్, బరువు 78 కిలోలు, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినప్పుడు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.2. ఇప్పుడు దానితో పాటు రోజూ 2 మిల్లీగ్రాముల గ్లిమిపిరైడ్ వేసుకుంటాడు. రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని, పదకొండుకు దిగి, రాత్రంతా పనిచేశాడు. ఒళ్లు కష్టపడితే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లాగేసుకుంటాయి, ఆ తర్వాత కూడా చాలా గంటలు లాగుతూనే ఉంటాయి. ఇంటికొచ్చి చీటీలో ఉన్నట్టే ఏడున్నరకు గోలీ వేసుకుని, రెండు ఇడ్లీలు తిని పడుకున్నాడు. గోలీ మోతాదు రక్తంలో రెండు మూడు గంటల్లో శిఖరానికి చేరుతుంది, ప్రభావం రోజంతా ఉంటుంది. అంటే పదింటి నుంచి మధ్యాహ్నం దాకా అతను గాఢనిద్రలో ఉండగా చక్కెర దిగుతూ పోతుంది. ఇంట్లోవాళ్లు నైట్ చేసి వచ్చాడు కదా, పడుకోనీ అనుకుంటారు. లో-షుగర్ అంటే బాయిలో పడిపోవడమే అనుకుంటాం గానీ, ఈ లెక్కలో ప్రమాదం ఇంట్లో మంచం మీదే ఎక్కువ.

బాయిలో ఉన్నప్పుడు ఇంకో చిక్కు. చెమట, ఆకలి, చేతుల వణుకు, నీరసం, ఇవే లో-షుగర్ గుర్తులు. భూగర్భంలో పనిచేసేవాడికి ఇవి రోజూ ఉండేవే. సెల్‌ఫోనే పైన వదిలి దిగే చోటికి గ్లూకోమీటర్ ఎలాగూ రాదు. మిగిలేది తోటివాళ్ల కన్ను. మాట తడబడటం, అకారణంగా చిరాకు పడటం, చెప్పిన పని మళ్లీ మళ్లీ అడగటం కనిపిస్తే అలసట అనుకోకుండా ముందు గ్లూకోజ్ తాగించాలి.

తక్కిన గోలీల తీరు వేరు. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం నుంచి చక్కెర బయటికి రావడాన్ని తగ్గిస్తుంది, ఇన్సులిన్‌ను తరమదు. అందుకే ఒంటరిగా వాడితే లో-షుగర్ అరుదు, బరువు పెరగదు. మొదట్లో కడుపు పాడవుతుందన్నదే ఇబ్బంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం, తిన్న తర్వాత వేసుకుంటే అదీ తగ్గుతుంది. గ్లిప్టిన్లది, అంటే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్‌లది, ఇంకో దారి. తిన్నప్పుడు పేగు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది, కొన్ని నిమిషాల్లోనే ఒక ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. గ్లిప్టిన్ ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది. ఈ హార్మోన్ చక్కెర ఎక్కువగా ఉంటేనే ఇన్సులిన్ తెప్పిస్తుంది, తగ్గితే ఊరుకుంటుంది. తినడం ఆలస్యమైనా క్షమించే గోలీ ఇది. బరువు అటూ ఇటూ కదలదు.

గ్లిమిపిరైడ్ గుండెకు హాని చేయదని తేలాక దాన్నెందుకు తప్పుపట్టాలి అని డాక్టర్లు అడగవచ్చు. నిజమే. 2019లో వెలువడిన కెరొలైనా అధ్యయనం ఆరువేల మందిని ఆరేళ్లకు పైగా గమనించి, గుండె జబ్బుల్లో గ్లిమిపిరైడ్‌కూ లినాగ్లిప్టిన్‌కూ తేడా లేదంది. అదే అధ్యయనంలో లో-షుగర్ చవిచూసినవారు గ్లిమిపిరైడ్ వైపు నూటికి దాదాపు 38 మంది, లినాగ్లిప్టిన్ వైపు సుమారు 11 మంది. బరువులో తేడా కిలోన్నర. కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి ఈ తేడా భరించగలిగేదేమో. డంపర్ స్టీరింగ్ పట్టిన చేతికి కాదు. ఖరీదు అన్న అభ్యంతరం ఒకప్పుడు బలమైనదే. సిటాగ్లిప్టిన్ పేటెంట్ 2022లో ముగిశాక చాలా వరకు బలం తగ్గింది. గ్లిప్టిన్ మెతక అన్న మాట మాత్రం నిజం. హెచ్‌బీఏ1సీని అర నుంచి ముప్పావు పాయింటు తగ్గిస్తుంది. 8.2 ఉన్న మన ఆపరేటర్‌కు సరిపోవచ్చు, పది దాటినవాడికి చాలదు.

లో-షుగర్ రాకూడదు, బరువూ తగ్గాలి అంటే కాగితం మీద గెలిచేది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి గ్లిఫ్లోజిన్లు. మూత్రపిండం వడకట్టిన చక్కెరను వెనక్కి తీసుకోకుండా ఇవి అడ్డుకుంటాయి. రోజుకు 60 నుంచి 80 గ్రాములు, అంటే నాలుగు ఇడ్లీల శక్తి, మూత్రంలో పోతుంది. బరువు రెండు మూడు కిలోలు తగ్గుతుంది, గుండెకూ కిడ్నీలకూ మేలని పెద్ద అధ్యయనాల్లో తేలింది. కానీ చక్కెర వెంట నీరూ పోతుంది. రామగుండం ఎండలు తెలిసినవారికి ఓపెన్‌కాస్ట్‌లో మే నెల ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. నీళ్లు తగ్గితే బీపీ పడిపోతుంది. చెమటకు తడిసిన బట్టల్లో జననాంగాల దగ్గర ఫంగస్ తేలిగ్గా పడుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడో, తినకుండా మందు కొట్టినప్పుడో, రక్తంలో చక్కెర పెద్దగా లేకుండానే కీటోన్ ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. అలాంటి రోజుల్లో డాక్టరును అడిగి గోలీ ఆపాలి. అయినా కిడ్నీ, గుండె ఇబ్బంది ఉన్న కార్మికుడికి ఇదే మొదటి గోలీ కావాలి, నీళ్ల ఏర్పాటు చూసుకుని.

పయోగ్లిటజోన్ ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించేలా చేస్తుంది. లో-షుగర్ తేదు గానీ నీరు పట్టించి, బరువు పెంచుతుంది. దానితో ఇక్కడ పెద్దగా పని లేదు.

సల్ఫోనైల్‌యూరియా తప్పని రోగులు ఉంటారు. వారికి గ్లిబెన్‌క్లమైడ్ బదులు నెమ్మదిగా విడుదలయ్యే గ్లైక్లజైడ్ మేలు. చీటీ మీద ‘ఉదయం’ బదులు ‘పడుకుని లేచాక తినే మొదటి పెద్ద భోజనానికి ముందు’ అని రాయాలి. షిఫ్టు మారే రోజు ఏం చేయాలో డాక్టరు విడిగా చెప్పాలి. చక్కెర 70 లోపు పడితే 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. వోగ్లిబోస్ కూడా వాడుతున్నవారికి మామూలు పంచదార పెడితే త్వరగా తేరుకోరు, ఎందుకంటే పేగులో పంచదారను విరిచే ఎంజైమ్‌నే ఆ గోలీ అడ్డుకుంటుంది. వారికి గ్లూకోజ్ పొడే కావాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. గ్లిమిపిరైడ్ వల్ల పడిన మనిషి లేచి కూర్చున్నా ఇంటికి పంపకూడదు. గోలీ ప్రభావం ఇంకా ఉంటుంది కనుక కొన్ని గంటల తర్వాత చక్కెర మళ్లీ పడవచ్చు.