నామినీ అంటే వారసుడు కాదు.. బ్యాంకు ఫారంలో ఈ మూడు పదాలకు అసలు అర్థం ఇదీ!

కొత్తగా బ్యాంకు ఖాతా తెరిచేవాళ్లు ఫారంలో పేరు, ఊరు, ఆధార్ నంబర్ వరకు బాగానే నింపుతారు. ఆ తర్వాత వచ్చే నామినీ, జాయింట్ హోల్డర్, గార్డియన్ గళ్ల దగ్గర పెన్ను ఆగిపోతుంది. పక్కనున్న వాళ్లను అడిగితే 'నామినీ అంటే వారసుడు, జాయింట్ అంటే తోడు, గార్డియన్ అంటే పెద్దదిక్కు' అని చెప్పేస్తారు. ఇందులో మొదటిది పూర్తిగా తప్పు. మిగతా రెండూ సగం నిజాలు. ఈ తేడా ఇంట్లో మనిషి పోయాకే బయటపడుతుంది. అప్పుడు సరిదిద్దుకునే వీలుండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. భర్త చనిపోయిన ఒక మహిళ తన పేరు మీద మొదటిసారి సేవింగ్స్ ఖాతా తెరుస్తోంది. ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్ద కొడుకుకు 24 ఏళ్లు, పెళ్లైన కూతురికి 21, చిన్న కొడుకుకు 12. ఇంట్లో పెద్దవాడు కదా అని నామినీ గడిలో పెద్ద కొడుకు పేరు రాయించింది. కొన్నేళ్లకు ఆమె చనిపోయేనాటికి ఖాతాలో 3 లక్షలున్నాయి, వీలునామా లేదు. మరి ఆ డబ్బు ఎవరిది?

బ్యాంకు మొత్తం 3 లక్షలూ పెద్ద కొడుకు చేతికే ఇస్తుంది. అంతటితో బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. కానీ ఆ డబ్బు అతనొక్కడిదే కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురు పిల్లలకూ సమాన వాటా.. అంటే తలా లక్ష. తమ్ముడి లక్ష, చెల్లెలి లక్ష అతను వాళ్లకు అప్పగించాలి. ఇవ్వనంటే వాళ్లు బ్యాంకును నిలదీసి లాభం లేదు, అన్న మీదే కోర్టుకు వెళ్లాలి. బ్యాంకు డిపాజిట్లలో నామినీకి డబ్బు అందుకునే హక్కే తప్ప యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో తేల్చి చెప్పింది.

నామినేషన్‌ను తెలుగులో 'నామనిర్దేశం' అంటారు. ఎన్నికల వార్తల్లో రోజూ వినే మాటే. పేరు సూచించడం అని దానర్థం, ఆస్తి రాసివ్వడం అని కాదు. అందుకే నామినీ అనే మాటకు 'మన తర్వాత బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి' అని చెప్పుకుంటే సరిగ్గా సరిపోతుంది. డబ్బు ఫలానావాళ్లకే దక్కాలని ఉంటే వీలునామా రాయాల్సిందే. నామినీ గడి ఆ పని చేయదు.

ఇంతకుముందు డిపాజిట్ ఖాతాకు ఒక్కరినే నామినీగా పెట్టే వీలుండేది. 2025 నవంబర్ 1 నుంచి నలుగురి వరకు పెట్టుకోవచ్చు. పై ఉదాహరణలోని తల్లి ముగ్గురు పిల్లల పేర్లూ రాసి ఎవరికెంత శాతమో చెప్పొచ్చు. మొత్తం కలిపి 100 కావాలి. అలా చేస్తే డబ్బంతా ఒక్కరి చేతికి వెళ్లదు.

జాయింట్ హోల్డర్ అంటే ఇవాళ్టి నుంచే హక్కు

ఇప్పుడు అదే తల్లి పెద్ద కొడుకును నామినీగా కాకుండా జాయింట్ హోల్డర్‌గా పెట్టిందనుకుందాం. తెలుగు ఫారంలో దీన్ని 'ఉమ్మడి ఖాతాదారు' అంటారు. తల్లి బతికున్నంత కాలం నామినీ ఒక్క రూపాయి కూడా తీయలేడు, ఖాతాలో ఎంతుందో అడిగే హక్కు కూడా ఉండదు. జాయింట్ హోల్డర్ సంగతి అలా కాదు. ఖాతా తెరిచిన రోజు నుంచే అతనూ ఖాతాదారే.

అతను ఎంతవరకు ఏం చేయగలడన్నది పక్కనే ఉండే ఇంకో గడిలో తేలుతుంది. చాలామంది చూడకుండా వదిలేసేది దాన్నే. అక్కడ 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని టిక్ పెడితే ఇద్దరిలో ఎవరైనా, రెండోవాళ్లను అడగకుండానే డబ్బు తీయొచ్చు. ఒకరు పోతే బతికున్నవారు ఖాతా నడుపుతారు. తల్లికి చెప్పకుండా కొడుకు ఖాతా ఖాళీ చేసినా బ్యాంకు తప్పేమీ ఉండదు, ఆమె సంతకం చేసి ఇచ్చిన అనుమతే అది. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అయితే మొదటి పేరున్నవారే ఖాతా నడుపుతారు, వారి తర్వాతే రెండోవారికి ఆ వీలు వస్తుంది. 'జాయింట్లీ' అంటే ప్రతిసారీ ఇద్దరి సంతకాలూ కావాలి. ఇప్పుడు డబ్బు తన చేతిలోనే ఉండాలి, తన తర్వాత కొడుకు ఇబ్బంది పడకూడదు అనుకునే తల్లికి రెండోది నప్పుతుంది. కౌంటర్‌లో అడగకపోతే మాత్రం మొదటిదానికే టిక్ పడే అవకాశం ఎక్కువ.

జాయింట్ ఖాతాకూ నామినీని పెట్టొచ్చు. కాకపోతే ఖాతాదారులందరూ చనిపోయాకే ఆ నామినీ వంతు వస్తుంది.

గార్డియన్.. ఒకే మాట, రెండు పనులు

గార్డియన్‌ను తెలుగులో 'సంరక్షకులు' అంటారు. ఈ మాట ఫారంలో రెండు చోట్ల ఎదురవుతుంది. తల్లి తన 12 ఏళ్ల చిన్న కొడుకును నామినీగా పెడితే, వాడు మైనర్ కాబట్టి వాడి తరఫున డబ్బు అందుకోవడానికి ఒక పెద్దవారి పేరు అడుగుతారు. కొందరు అక్కడ తన పేరే రాసేస్తారు. తను లేనప్పుడు డబ్బు తీసుకోవాల్సిన గడిలో తన పేరే రాస్తే ఉపయోగమేంటి? అక్కడ అమ్మమ్మదో, మేనమామదో పేరు ఉండాలి. పిల్లాడికి 18 నిండాక ఆ పెద్దవారి పాత్ర ముగిసిపోతుంది.

రెండోది, పిల్లాడి పేరు మీదే ఖాతా తెరిచినప్పుడు దాన్ని నడిపే గార్డియన్. ఇక్కడ తల్లి పేరు చెల్లదని, తండ్రే ఉండాలని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. దానికి మూలం 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 'తండ్రి, ఆయన తర్వాత తల్లి' అన్న మాట. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరున బాండ్ల కోసం తానే గార్డియన్‌గా సంతకం పెట్టి దరఖాస్తు చేస్తే, తండ్రి సంతకం కావాలని రిజర్వ్ బ్యాంక్ తిప్పి పంపింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, పిల్లల బాగోగులు ఆయన చూడని సందర్భంలో కూడా అని 1999లో కోర్టు చెప్పింది. ఇప్పుడు రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లోనే తల్లి గార్డియన్‌గా మైనర్ ఖాతా తెరవొచ్చని ఉంది. పదేళ్లు నిండిన పిల్లలు, బ్యాంకు పెట్టే పరిమితులకు లోబడి, సొంతంగానే సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చు కూడా.

ఇక చెవికి ఒకేలా వినిపించే 'గ్యారంటర్' వేరు. అది అప్పు ఫారాల్లో వచ్చే మాట. అప్పు తీసుకున్నవారు కట్టకపోతే తాను కడతానని పూచీ పడ్డ మనిషి అని అర్థం. గార్డియన్ గడి అనుకుని అక్కడ సంతకం పెడితే బాకీ మెడకు చుట్టుకుంటుంది.

ఫారం ఇచ్చాక ఏం చూసుకోవాలి?

నామినేషన్ ఫారం ఇవ్వగానే బ్యాంకు రసీదు ఇవ్వాలి. పాస్‌బుక్ మీద 'నామినేషన్ రిజిస్టర్డ్' అని పడిందో లేదో చూసుకోవాలి, పడకపోతే రసీదు చూపించి అక్కడే అడగాలి. వేలిముద్ర వేసేవాళ్లయితే నామినేషన్ ఫారం మీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, సంతకం పెట్టేవాళ్లకు సాక్షుల అవసరం లేదు. పెళ్లికి ముందు అమ్మానాన్నల పేర్లు రాసినవాళ్లు, నామినీ చనిపోయినవాళ్లు పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అందుకు నామినీ ఒప్పుకోలు అక్కర్లేదు, అయితే ఖాతా జాయింట్ అయితే ఖాతాదారులందరూ కలిసి సంతకం చేయాలి.