ఎక్కువ ఉడికిన గుడ్డులోని గంధకం ఎక్కడికి పోతుంది?

కుక్కర్లో నాలుగు విజిల్స్ వచ్చేదాకా ఉంచి, ఆవిరి పోయేదాకా మూత తీయకుండా వదిలేసిన గుడ్డును చాకుతో రెండుగా కోసి చూడండి. పచ్చసొన మధ్యలో లేత పసుపు రంగులో, పొడిపొడిగా ఉంటుంది. దాని అంచున, తెల్లసొన తగిలే చోట మాత్రం బూడిద కలిసిన ఆకుపచ్చ గీత చుట్టూ తిరిగి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అగ్గిపుల్లల మందును గుర్తుచేసే ఘాటు వాసన. తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పిల్లలు అంచులు కొరికి పక్కన పెట్టేస్తారు. గుడ్డు పాడైందనుకుని పారేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి గుడ్డు మంచిదే, వంట ఎక్కువైందంతే. ఈ వాసనకూ, ఆ ఆకుపచ్చ గీతకూ, గుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడటానికీ కారణం ఒక్కటే: తెల్లసొనలోంచి విడుదలయ్యే ఒక గంధకపు వాయువు. అది వెళ్లే మూడు దారులే ఈ మూడు గుర్తులు.

తెల్లసొనలో నీళ్లు పోను మిగిలేది దాదాపు అంతా ప్రోటీనే. అందులో సగానికి పైగా ఓవల్బుమిన్ అనే ఒకే ప్రోటీన్. ప్రోటీన్ అంటే పొడవైన గొలుసు. పచ్చి గుడ్డులో ఆ గొలుసు తనలో తాను ముడుచుకుని ఉండచుట్టుకుని ఉంటుంది. ఓవల్బుమిన్ గొలుసులో గంధకం, హైడ్రోజన్ జతగా ఉండే చోట్లు నాలుగున్నాయి. పచ్చిగా ఉన్నప్పుడు అవి లోపలి మడతల్లో దాగి ఉంటాయి కాబట్టి వాటి వాసన మనకు తెలియదు. పచ్చి గుడ్డుకు మనం నీచు వాసన అనేది వేరు, ఈ గంధకపు కంపు వేరు.

తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుంది. కానీ ఓవల్బుమిన్ మడతలు పూర్తిగా విప్పుకోవాలంటే 80 డిగ్రీలు దాటాలి. అప్పుడు ఆ గంధకపు చోట్లు బయటపడతాయి. వేడి ఇంకా కొనసాగితే గంధకంలో కొంత గొలుసు నుంచి విడిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుతుంది. కుళ్లిన గుడ్డులో బ్యాక్టీరియా తయారు చేసేదీ ఈ వాయువునే. ఇక్కడ మాత్రం బ్యాక్టీరియా లేదు, పొయ్యి మాత్రమే ఉంది. ఒక గుడ్డు తెల్లసొనలో ఉండే గంధకం 50, 60 మిల్లీగ్రాములు. అందులో వాయువుగా మారేది అతి స్వల్పం. కానీ గాలిలో వందకోట్ల పాళ్లలో కొద్ది పాళ్లే ఉన్నా మన ముక్కు ఈ వాయువును పట్టేస్తుంది. అందుకే గ్రామానికి వేల వంతులో ఏదో జరిగినా వంటిల్లంతా తెలిసిపోతుంది.

కొంచెంగా ఉన్నంతవరకు ఈ వాసన చెడ్డది కాదని కూడా చెప్పాలి. ఉడికిన గుడ్డుకు గుడ్డు రుచి తెచ్చే వాటిలో ఇదొకటి. అది బొత్తిగా లేకపోతే గుడ్డు చప్పగా అనిపిస్తుంది. నోట్లో పెట్టుకుని నమిలినప్పుడు మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. కాబట్టి ఎక్కువ ఉడికిన గుడ్డు "రుచి బాగాలేదు" అన్నప్పుడు నాలుక కన్నా ముక్కే ఎక్కువ ఫిర్యాదు చేస్తోందన్నమాట.

ఇక రెండో దారి, పచ్చసొన. గుడ్డులో ఇనుము సుమారు ఒక మిల్లీగ్రాము ఉంటుంది, దాదాపు అంతా పచ్చసొనలోనే. తెల్లసొనలో పుట్టిన వాయువు లోపలికి ఎందుకు వెళ్తుందంటే, ఉడుకుతున్నంతసేపూ పెంకు వైపు ఎక్కువ వేడి, నడిమి భాగం తక్కువ వేడి. వాయువు వేడి చోటు నుంచి చల్లని చోటుకు జరుగుతుంది. అలా పచ్చసొన అంచుకు చేరి అక్కడి ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారుతుంది. దాని రంగు పచ్చసొన పసుపు మీద పడి ఆకుపచ్చగా కనిపిస్తుంది. 1920లో ఇంగ్లండ్‌లో టింక్లర్, సోర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయం మీదే ఒక పత్రం ప్రచురించారు. వంటింట్లో అందరూ చూసి వదిలేసే ఒక గీతను ప్రయోగశాలకు తీసుకెళ్లిన ఆ శ్రద్ధ నాకు చాలా ఇష్టం. ఆ ఆకుపచ్చ పొర తినడానికి ఏ ప్రమాదమూ లేదు. అందులో ఉన్నది ఎప్పుడూ పచ్చసొనలో ఉండే ఇనుమే, ఎప్పుడూ తెల్లసొనలో ఉండే గంధకమే.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒకే అట్ట నుంచి రెండు గుడ్లు తీసుకోండి. మరుగుతున్న నీళ్లలో రెండూ వేసి మంట తగ్గించండి. పది నిమిషాలకు ఒకటి తీసి వెంటనే చన్నీళ్లలో, వీలైతే ఐసు ముక్కలు వేసిన నీళ్లలో ముంచండి. రెండోది ఇరవై నిమిషాలు ఉంచి, పొయ్యి కట్టేసి అదే వేడినీళ్లలో వదిలేయండి. చల్లారాక రెండూ కోయండి. మొదటిదాని పచ్చసొన అంచు దాదాపు శుభ్రంగా, పసుపుగా ఉంటుంది. రెండోదాని చుట్టూ గీత వస్తుంది. చన్నీళ్లు ఇక్కడ రెండు పనులు చేస్తాయి. ఒకటి, వేడి ఆగిపోయి వాయువు పుట్టడం తగ్గుతుంది. రెండు, ఇప్పుడు పెంకు వైపు చల్లబడింది కాబట్టి ఉన్న వాయువు లోపలికి పోకుండా బయటివైపు తిరుగుతుంది. పొయ్యి కట్టేయగానే వంట ఆగిపోయిందనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. వేడినీళ్లలో ఉన్న గుడ్డు ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. కుక్కర్లోనైతే వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, ఆవిరి దిగేదాకా లోపల మగ్గుతూనే ఉంటుంది. కుక్కర్ గుడ్డుకు గీత అంత త్వరగా వచ్చేది అందుకే.

అదే సమయం, అదే మంట పెట్టినా ఒక్కోసారి గీత వస్తుంది, ఒక్కోసారి రాదు. దానికి గుడ్డు వయసు కారణం. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. పెంకులోని సన్నని రంధ్రాల గుండా అది రోజురోజుకూ బయటికి పోతుంది. అది పోయినకొద్దీ తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది: మొదట్లో పీహెచ్ 7.6 దగ్గర ఉండేది కొద్ది రోజుల్లో 9 దాటుతుంది. క్షారం ఎక్కువైతే గంధకం ప్రోటీన్ నుంచి సులువుగా విడిపోతుంది. మన ఎండాకాలంలో ఫ్రిజ్ బయట ఉంచిన గుడ్లలో ఈ మార్పు ఇంకా త్వరగా వస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. తాజా గుడ్డుకు పెంకు సరిగా ఊడదు, తెల్లసొన ముక్కలై వస్తుంది. కాస్త పాతబడిన గుడ్డు పెంకు చక్కగా ఊడుతుంది. పెంకు తేలిగ్గా ఊడేలా చేసేదీ, గంధకాన్ని వదిలేలా చేసేదీ ఆ క్షారగుణమే. కాబట్టి పులుసుకో బిర్యానీకో నున్నగా ఒలిచిన గుడ్లు కావాలని నాలుగైదు రోజుల గుడ్లు ఎంచుకున్నవాళ్లు గడియారం మీద ఇంకొంచెం ఎక్కువ కన్నేసి ఉంచాలి.

మూడో దారి వెండి. వెండికి గంధకమంటే చాలా ఆకర్షణ. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే, చుట్టూ తేమ, గాలిలోని ఆక్సిజన్ ఉంటే, వెండి పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారిపోతుంది. వేడివేడి గుడ్డుతో తడిసిన చెంచాకు ఈ మూడూ ఒకేచోట దొరుకుతాయి. బీరువాలో పెట్టిన వెండి గిన్నె నల్లబడటానికి నెలలు పడితే, గుడ్డు తగిలిన చెంచా ఒక్క పూటలో రంగు మారేది అందుకే. పొర మొదట అతి పలచగా ఉన్నప్పుడు లేత బంగారు రంగు కనిపిస్తుంది. కొందరు దాన్ని మెరుపు అనుకుంటారు. తర్వాత గోధుమ, ఊదా కలిసిన నీలం, చివరికి నలుపు. వాయువు లేకపోయినా, వేడికి విప్పుకున్న ప్రోటీన్‌లోని గంధకం నేరుగా వెండికి అతుక్కోగలదు. అందుకే మెత్తగా ఉడికిన గుడ్డు తిన్నా చెంచా మెల్లగా మసకబారుతుంది. ఎక్కువ ఉడికినదైతే త్వరగా.

ఈ ఇబ్బంది ఎక్కువగా ఎదురైంది ఇంగ్లండ్‌లో. అక్కడ ఉదయం పూట, పైభాగం కోసిన సగం ఉడికిన గుడ్డును చిన్న కప్పులో నిలబెట్టి చెంచాతో తినడం సంపన్నుల ఇళ్ల ఆచారం. వాళ్ల చెంచాలన్నీ స్టెర్లింగ్ వెండివి, అంటే నూటికి 92.5 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. రాగి కూడా గంధకంతో కలిసేదే. గుడ్డుకు లోహపు చేదు రావడం, చెంచా నల్లబడటం రెండూ చూసి వాళ్లు గుడ్డు చెంచాల గుంతకు బంగారు పూత వేయించారు. ఈ వాయువు బంగారాన్ని ఏమీ చేయలేదు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఎముకతో, కొమ్ముతో, ముత్యపు చిప్పతో చేసిన చెంచాలు వాడారు. ఇవాళ మన ఇళ్లలోని స్టీలు చెంచాకు ఈ బాధ లేదు; దాని మీద కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర కాపలా కాస్తుంది.

మన దగ్గర వెండి చెంచా గుడ్డుకు తగిలేది చాలావరకు చంటిపిల్లల దగ్గరే. అన్నప్రాశనకు వచ్చిన వెండి గిన్నె, చెంచాతోనే కొన్నాళ్లకు ఉడికించిన పచ్చసొన మెదిపి తినిపిస్తారు. చెంచా నల్లబడితే వెండి కల్తీ అని కంసాలిని అనుమానించకండి. స్వచ్ఛమైన వెండి కూడా నల్లబడుతుంది. తినిపించిన వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడిస్తే సగం సమస్య తీరుతుంది. గుడ్డుకు మాత్రం స్టీలు చెంచా వాడితే అసలు సమస్యే ఉండదు.

నల్లబడ్డ వెండిని విభూతితోనో టూత్‌పేస్ట్‌తోనో రుద్దితే తెల్లబడుతుంది, కానీ ప్రతిసారీ సల్ఫైడ్‌తో పాటు కొంత వెండి కూడా అరిగిపోతుంది. దానికన్నా మంచిది అల్యూమినియం రేకు పద్ధతి. ఒక గిన్నెలో అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, చెంచా దానికి తగిలేలా పెట్టి, మరిగే నీళ్లు పోసి, లీటరుకు ఒకటి రెండు చెంచాల వంటసోడా, కొంచెం ఉప్పు వేయాలి. కొద్ది నిమిషాల్లో నలుపు పోతుంది. ఇక్కడ గంధకం వెండిని వదిలేస్తుంది, వెండి ఉన్నచోటే వెండిగా తిరిగి మిగులుతుంది. ఆ సమయంలో గిన్నె మీదికి వంగితే ఉడికిన గుడ్డు కంపు లీలగా తెలుస్తుంది. కిటికీ తెరిచి ఉంచండి. రాళ్లు పొదిగిన నగలకు, లక్క నింపిన వస్తువులకు, నగిషీ కనిపించాలని కావాలనే నలుపు తేల్చిన పాత సామానుకు ఈ పద్ధతి వాడకూడదు. మరిగే నీళ్లకు లక్క, అతుకులు వదులవుతాయి, నగిషీలో కావాలని ఉంచిన నలుపూ పోతుంది.