టైనీ, పెటీట్, మైన్యూట్, కాంపాక్ట్.. అన్నీ ‘చిన్న’వే! కానీ ఒకదాని చోట ఇంకోటి వాడితే అర్థమే మారిపోతుంది..

ఓ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్మకానికి వచ్చింది. బిల్డర్ ఇచ్చిన బ్రోచర్‌లో ‘కాంపాక్ట్ కిచెన్’ అని ఉంది. అదే కిచెన్‌లో నెల రోజులు వంట చేసినవాళ్లను అడిగితే ‘టైనీ కిచెన్’ అంటారు. గది ఒకటే, కొలతలూ ఒకటే. కానీ మొదటి మాట పొగడ్త, రెండోది కంప్లైంట్. ఇంగ్లిష్‌లో ‘చిన్న’ అని చెప్పే మాటలతో వచ్చే చిక్కు ఇదే. డిక్షనరీ తీస్తే అన్నింటికీ దాదాపు ఒకే అర్థం కనిపిస్తుంది. వాడకంలోకి వచ్చేసరికి దేని దారి దానిదే.

నిజానికి ఇది తెలుగువాళ్లకు కొత్త విషయమేమీ కాదు. పసిపాపవి ‘చిట్టి చేతులు’ అంటాం కానీ ‘సూక్ష్మ చేతులు’ అనం. టీవీని ‘బుల్లితెర’ అంటాం, ‘పొట్టి తెర’ అనం. కూరలో వేసే ఉప్పు ‘చిటికెడు’, కంట్లో పడేది ‘నలుసు’. ఏ వస్తువుకు ఏ మాట అతుకుతుందో ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ అలవాటు లేకపోవడంతో చేతికందిన మాట వాడేస్తుంటాం. ఇంతకీ ఏ మాట దేనికి సరిపోతుందో చూద్దాం..

టైనీ: సైజుతో పాటు ఫీలింగ్ కూడా

స్మాల్ అంటే మామూలుగా చిన్నది. టైనీ అంటే మరీ చిన్నది, బుల్లిది. ఇది మనుషులకు, జంతువులకు, గదులకు, వస్తువులకు.. దేనికైనా సరిపోతుంది. అయితే స్మాల్ అనే మాటలో లేని ఓ ఫీలింగ్ ఇందులో ఉంటుంది. పసిపాప వేళ్లను టైనీ అంటే ముద్దు. జీతం పెరిగింది కానీ ‘టైనీ’ ఇంక్రిమెంట్ అంటే వెటకారం. హోటల్ గది టైనీ అంటే అసంతృప్తి.

అందుకే ఇంటర్వ్యూల్లో ఈ మాటతో జాగ్రత్తగా ఉండాలి. ‘ఇంతకుముందు ఓ టైనీ కంపెనీలో పని చేశాను’ అంటే అవతలివాళ్లకు ఆ కంపెనీని తక్కువ చేసి మాట్లాడినట్టు వినిపిస్తుంది. అక్కడ ‘స్మాల్ కంపెనీ’ అంటే చాలు. పది మంది ఉద్యోగులున్న సంస్థ అన్న విషయం తెలుస్తుంది, చులకన భావం ఉండదు.

పెటీట్: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే

ముందు పలకడం సంగతి. ఆకలికి వాడే ఆపిటైట్ అనే మాట చూసి దీన్ని కూడా ‘పెటైట్’ అనేస్తుంటారు. సరైన ఉచ్చారణ ‘పెటీట్’. ఇది ఫ్రెంచ్ నుంచి వచ్చింది. ఆ భాషలో చిన్న అనే మాటకు ఇది స్త్రీలింగ రూపం. ఇంగ్లిష్‌లో కూడా మనుషుల విషయంలో దీన్ని ఆడవాళ్లకే వాడతారు. ఎత్తు తక్కువగా ఉండి, సన్నగా, చూడ్డానికి పొందికగా ఉన్న మహిళను పెటీట్ అంటారు. మగవాళ్లకు వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. పెటీట్ కిచెన్, పెటీట్ కారు అని కూడా మామూలుగా అనరు.

అసలు తేడా బట్టల దగ్గర బయటపడుతుంది. ఉదాహరణకు 5 అడుగుల 7 అంగుళాల ఎత్తుండే ఓ అమ్మాయి, సన్నగా ఉంటుంది. విదేశీ బ్రాండ్ సైట్‌లో డ్రెస్ చూసింది. పెటీట్ అంటే సన్నగా ఉండేవాళ్ల సైజు అనుకుని ఆర్డర్ పెట్టింది. డ్రెస్ వచ్చాక వేసుకుని చూస్తే చుట్టుకొలత సరిపోయింది. కానీ చేతులు మణికట్టు దాకా రాలేదు. నడుము దగ్గర రావాల్సిన కుట్టు నడుముకు పైనే ఆగిపోయింది. ప్యాంట్ కూడా చీలమండ పైకే ఉండిపోయింది.

కారణం ఏమిటంటే.. బట్టల్లో పెటీట్ అనేది లావు, సన్నానికి సంబంధించిన సైజు కాదు. ఎత్తుకు సంబంధించింది. సాధారణంగా 5 అడుగుల 4 అంగుళాలు, అంటే దాదాపు 163 సెంటీమీటర్లు, అంతకంటే తక్కువ ఎత్తున్నవాళ్ల కోసం దీన్ని కుడతారు. చేతుల పొడవు, భుజాల వెడల్పు, నడుము ఎక్కడ రావాలి, ప్యాంట్ కాలు పొడవు.. ఇవన్నీ ఆ ఎత్తుకు తగ్గట్టు తగ్గిస్తారు. అందుకే పెటీట్‌లోనూ స్మాల్, మీడియం, లార్జ్ ఉంటాయి. కాస్త లావుగా ఉన్నా ఎత్తు తక్కువైతే పెటీట్ లార్జ్ సరిపోతుంది. పైన చెప్పిన అమ్మాయికి కావాల్సింది మామూలు సైజుల్లోని స్మాల్. సైజ్ చార్ట్‌లో ఛాతీ, నడుము కొలతలతో పాటు ఎత్తు కూడా చూసుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి.

ఇంకో మాట. పెటీట్ మర్యాదైన మాటే అయినా అది ఒకరి ఒంటి తీరు గురించి చేసే కామెంట్. ఆఫీసులో తోటి ఉద్యోగినిని పరిచయం చేసేటప్పుడు దాని అవసరమే ఉండదు.

మైన్యూట్: నిమిషం స్పెల్లింగే, కానీ నిమిషం కాదు

రాతలో ఇది అచ్చం నిమిషానికి రాసే మినిట్ లాగే ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ‘మైన్యూట్’. మినిట్‌లో మొదటి భాగాన్ని నొక్కి పలుకుతారు, ఇందులో రెండో భాగాన్ని. స్పెల్లింగ్ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. రెండింటికీ మూలం లాటిన్‌లో ‘చిన్నగా చేసింది’ అనే అర్థమున్న మాట. గంటను 60 భాగాలు చేస్తే వచ్చేదాన్ని ‘మొదటి చిన్న భాగం’ అన్నారు. అదే నిమిషం అయింది. దాన్ని మళ్లీ 60 భాగాలు చేస్తే వచ్చేది ‘రెండో చిన్న భాగం’. సెకనుకు ఆ పేరు రావడానికి కారణం ఇదే. సెకండ్ అంటే రెండోది అనేగా!

ఈ చరిత్ర తెలిస్తే వాడకం కూడా సులువవుతుంది. విడదీసి, దగ్గరగా చూస్తే తప్ప కనిపించని చిన్నదనానికి మైన్యూట్ వాడాలి. నీటిలో కలిసిన రసాయనం పరిమాణం, రెండు వేలిముద్రల మధ్య తేడా, గాజుపై సన్నటి పగులు.. ఇలాంటి వాటికి సరిగ్గా అతుకుతుంది. ‘మైన్యూట్ డీటెయిల్స్’ అంటే అతి చిన్న వివరాలు కూడా వదలకుండా అని అర్థం. ఇందులో ముద్దు లేదు, వెటకారం లేదు. ల్యాబ్‌లో, కోర్టులో వినిపించే మాట. పసిపాపను మైన్యూట్ అంటే మైక్రోస్కోప్‌లో పెట్టి చూసినట్టే ఉంటుంది.

స్కానింగ్ రిపోర్టుల్లో ఈ మాటలు కనిపిస్తే చాలామంది కంగారు పడతారు. ‘టైనీ కాల్‌క్యులస్’ అని ఉంటే కిడ్నీ లాంటి చోట చాలా చిన్న రాయి ఉందని అర్థం. కొందరు డాక్టర్లు అదే విషయానికి ‘మైన్యూట్’ అని రాస్తారు. అయితే ఈ మాటలు కొలత కాదు. టైనీ కంటే మైన్యూట్ ఇన్ని మిల్లీమీటర్లు తక్కువ అనే లెక్కేమీ లేదు. రిపోర్టులో పక్కనే మిల్లీమీటర్లలో ఇచ్చిన అంకె ఉంటే చూడాల్సింది దాన్నే. అంకె లేకపోతే డాక్టర్‌ను అడగాలి.

కాంపాక్ట్: చిన్నదే, కానీ అన్నీ ఉన్నాయి

మిగతా మూడు మాటలూ ఎంత చిన్నదో చెబుతాయి. కాంపాక్ట్ మాత్రం ఎలా సర్దారో చెబుతుంది. లాటిన్‌లో దీని మూలానికి ‘దగ్గరగా బిగించింది’ అని అర్థం. కావాల్సినవన్నీ ఉండి, తక్కువ చోటులో ఇమిడిపోతే అది కాంపాక్ట్. సీడీలో మొదటి అక్షరం కూడా ఈ మాటదే. 30 సెంటీమీటర్ల గ్రామఫోన్ రికార్డు చోట 12 సెంటీమీటర్ల బిళ్ల వచ్చింది. సైజు తగ్గింది కానీ అందులో పట్టే పాటలు తగ్గలేదు. అందుకే అది టైనీ డిస్క్ కాలేదు, కాంపాక్ట్ డిస్క్ అయింది.

కార్ల విషయంలో దీనికి ఓ లెక్క కూడా ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవు, ఇంజిన్ పరిమితులు ఉన్న కార్లను చిన్న కార్లుగా గుర్తించి ఎక్సైజ్ సుంకం తగ్గించారు. దాంతో కంపెనీలు ఆ 4 మీటర్లలోనే ఐదు సీట్లు, డిక్కీ అన్నీ ఇరికించేలా డిజైన్లు చేశాయి. ఇప్పుడు ‘కాంపాక్ట్ ఎస్‌యూవీ’ అని యాడ్స్‌లో వినిపించే చాలా బండ్లు అలా వచ్చినవే.

మనుషులకు కూడా కాంపాక్ట్ వాడొచ్చు. ఎత్తు తక్కువైనా గట్టిగా, దిట్టంగా ఉండే ఆటగాడిని ‘కాంపాక్ట్ బిల్డ్’ అంటారు. మగవాళ్లకు పెటీట్ కుదరదు కదా, అలాంటి చోట ఈ మాట పనికొస్తుంది.

మరి ఆ ఫ్లాట్ సంగతేంటి?

మళ్లీ మొదటి కిచెన్ దగ్గరికే వద్దాం. స్టవ్, సింక్, ఫ్రిజ్‌కు చోటు, సామాన్లకు అరలు.. అన్నీ ఉండి, ఒకరు నిలబడి చేయి చాచితే అందేలా ఉంటే బిల్డర్ చెప్పిన కాంపాక్ట్ నిజమే. ఫ్రిజ్‌ను హాల్లో పెట్టుకోవాల్సి వస్తే, అర తలుపు తీస్తే మనిషి బయటికి జరగాల్సి వస్తే అది టైనీనే. యాడ్‌లో ఏ మాట రాయాలో అమ్మేవాళ్ల ఇష్టం కాబట్టి, కొనేవాళ్లు అంకెలు అడగడం మంచిది. 2016 నాటి రెరా చట్టంలో కార్పెట్ ఏరియా అంటే ఏమిటో స్పష్టంగా ఉంది. ఇంటి లోపలి గోడలు అందులోకి వస్తాయి. బయటి గోడలు, బాల్కనీ రావు. బ్రోచర్‌లో కాంపాక్ట్ అని కనిపిస్తే ఆ కార్పెట్ ఏరియా ఎంతో, అందులో కిచెన్ పొడవు, వెడల్పు ఎంతో అడిగి తెలుసుకోవాలి.

ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు కూడా ఇదే పద్ధతి. చెప్పాలనుకున్నది ముద్దుగానో, చిరాకుగానో ‘మరీ చిన్నది’ అనా? అయితే టైనీ. ఓ మహిళ పొందికైన ఆకారం గురించో, ఎత్తు తక్కువ ఉన్నవాళ్ల బట్టల గురించో అయితే పెటీట్. పరిశీలిస్తే తప్ప దొరకని మోతాదు, తేడా అయితే మైన్యూట్. తక్కువ చోటులో అన్నీ ఇమిడి ఉంటే కాంపాక్ట్. ఈ నాలుగింటిలో ఏదీ కాదు, ఊరికే సైజు చెబితే చాలు అనుకుంటే స్మాల్ ఉండనే ఉంది.