పిండాకే జాడించాలి: సెమీ ఆటోమేటిక్ మెషిన్ వాడే పద్ధతి

రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్‌కి కుళాయి కనెక్షన్ ఉండి తీరాలని లేదు. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే ఊళ్ళో అయినా, డ్రమ్ముల్లో పట్టుకున్న నీళ్ళు బకెట్‌తో పోసుకుని వాడుకోవచ్చు. ఎన్ని నీళ్ళు పోయాలి, ఎంతసేపు తిప్పాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నవి మన చేతిలోనే ఉంటాయి. అయితే ఈ మెషిన్ తనంతట తాను ఏదీ చూసుకోదు. ఒక పని అయ్యాక తర్వాతి పనికి మార్చాల్సింది మనమే. కొత్తగా కొన్నవాళ్ళు ఇబ్బంది పడేది ఎక్కువగా ఆ మార్పుల దగ్గరే.

సాధారణంగా ఎడమవైపు పెద్దది ఉతికే టబ్బు, కుడివైపు చిన్నది పిండే టబ్బు. చాలామంది దీన్ని డ్రయ్యర్ అంటారు కానీ ఇందులో వేడి ఉండదు. నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా గిర్రున తిరిగి, బట్టల్లో నీళ్ళను గోడ కన్నాల్లోంచి బయటికి విసిరేస్తుంది, అంతే. పైన ఉతికే టైమర్, పిండే టైమర్, ఆ రెండింటి మధ్య ‘వాష్’, ‘డ్రెయిన్’ అని రాసున్న మీట ఉంటాయి. ఈ మూడింటి పని తెలిస్తే మెషిన్ దాదాపు తెలిసినట్టే.

ఉతకడం ఎలాగో ఒక విడతను దగ్గరుండి చూద్దాం. నలుగురున్న ఇంట్లో రోజువారీ బట్టలు: నాలుగు చొక్కాలు, రెండు కాటన్ ప్యాంట్లు, రెండు నైటీలు, రెండు పల్చటి తువ్వాళ్ళు. పొడిగా ఉన్నప్పుడు తూచితే అన్నీ కలిపి మూడు కిలోల దాకా తూగుతాయి. ఏడు కిలోల మెషిన్‌కి ఇది సుఖంగా సరిపోయే బరువు. మెషిన్ మీద రాసిన కిలోలు పొడి బట్టలవి, అదీ గరిష్ఠంగా. రోజూ అంత నింపాలని కాదు.

ముందు జేబులన్నీ తడిమి చూడాలి. నాణేలు, పిన్నులు ఉంటే టబ్బు అడుగున తిరిగే చక్రం కిందికి దూరి గరగరమంటాయి. తర్వాత మీట ‘వాష్’ మీద ఉందో లేదో చూసుకోవాలి. కొత్తవాళ్ళు మొట్టమొదట చేసే పొరపాటు ఇక్కడే. కిందటిసారి నీళ్ళు వదిలి మీటను ‘డ్రెయిన్’ మీదే ఉంచేసి ఉంటారు. ఇవాళ నీళ్ళు పోస్తుంటే టబ్బు నిండదు, పోసింది పోసినట్టే పైపులోంచి మోరీలోకి పోతుంది.

మూడు కిలోలకు సుమారు నలభై లీటర్ల నీళ్ళు, అంటే మామూలు బకెట్లతో రెండు దాటి కాస్త కావాలి. టబ్బు గోడమీది మధ్య గీతను చూసుకున్నా సరిపోతుంది. అరవై గ్రాముల సర్ఫు చెంబెడు నీళ్ళలో బాగా కలిపి పోయాలి. పొడి నేరుగా బట్టల మీద చల్లితే కరగని పొడి మడతల్లో ఇరుక్కుని, ముదురు రంగు బట్టల మీద తెల్లటి మరకలు కడుతుంది. నురుగు తక్కువొచ్చిందని మళ్ళీ మళ్ళీ వేయక్కర్లేదు. ఉప్పు బోరునీళ్ళలో నురుగు ఎలాగూ తక్కువే. నురుగు ఎక్కువైతే బట్ట బట్టకి రాసుకోవడం తగ్గి మురికి సరిగ్గా వదలదు, జాడించడానికి నీళ్ళూ ఎక్కువ పోతాయి.

కాలర్లకు, చేతి అంచులకు కాస్త సబ్బు రాసి ముందే చేత్తో రుద్దాలి. ఆ మురికి మెషిన్ తిప్పుడుకు పూర్తిగా వదలదు. పెద్ద మురికి ఉంటే సబ్బు నీళ్ళలో అరగంట నాననిచ్చి, అప్పుడు టైమర్ తిప్పాలి. రోజువారీ బట్టలకు ఎనిమిది, తొమ్మిది నిమిషాలు చాలు. సిల్కులాంటి పల్చటి వాటికి మూడు, నాలుగు నిమిషాలు, జీన్సు, దుప్పట్లకు పన్నెండు. ఇంకా తిప్పినా మురికి పెద్దగా పోదు, బట్ట మాత్రం అరుగుతుంది. టైమర్‌ని ముందుకే తిప్పాలి. వెనక్కి బలవంతంగా తిప్పితే లోపలి పళ్ళు పాడవుతాయి.

మెషిన్ తిరగడం మొదలయ్యాక ఒక్క నిమిషం మూత ఎత్తి చూడండి. బట్టలు నడుమ కిందికి దిగి, అంచుల్లో పైకి తేలుతూ ఉంటే బరువు సరిపోయిందని అర్థం. ఒకే చోట ముద్దగా కూర్చుని పైపైన ఊగుతుంటే బట్టలు ఎక్కువయ్యాయి, లేదా నీళ్ళు తక్కువయ్యాయి. ఒకటి రెండు బట్టలు తీసేయండి, లేదా ఇంకో అర బకెట్ పోయండి. అలాగే వదిలేస్తే మురికి పోకపోవడమే కాదు, చక్రం కింద రాపిడికి బట్టలు చిరిగే ప్రమాదమూ ఉంది. చీరలు, చున్నీలు, పైజామా నాడాలు ఒకదానికొకటి తాడులా చుట్టుకుంటాయి కాబట్టి వాటిని వల సంచిలో వేసి ఉతకడం మంచిది.

ఒకటికి మించి విడతలుంటే ముందు తెల్లవి, తర్వాత లేత రంగులు, చివర్న ముదురు రంగులు, గచ్చు తుడిచే గుడ్డలు. అదే సబ్బు నీళ్ళు, నల్లబడే దాకా, రెండో విడతకూ పనికొస్తాయి. నీళ్ళకు కరువున్న ఇంట్లో ఇది మంచి సౌకర్యం. మొదటి విడత బట్టలు తీసి పిండే టబ్బులో వేసి, ఆ నీళ్ళలోనే రెండో విడత వేసేయవచ్చు.

ఇక అసలు సంగతి. చాలామంది సబ్బు నీళ్ళు వదిలేసి, వెంటనే అదే టబ్బులో మంచినీళ్ళు పోసి జాడించడం మొదలుపెడతారు. పిండే టబ్బును చివర ఆరేసే ముందు మాత్రమే వాడతారు. నిజానికి దాన్ని జాడించేముందు కూడా వాడాలి. మన మూడు కిలోల విడతనే లెక్క వేసి చూడండి. నీళ్ళు వదిలేశాక కూడా తడి బట్టల్లో దాదాపు ఆరు లీటర్ల సబ్బు నీళ్ళు ఉండిపోతాయి. వేసిన అరవై గ్రాముల సర్ఫులో సుమారు తొమ్మిది గ్రాములు ఆ నీళ్ళలోనే ఉంటాయి. రెండు నిమిషాలు పిండితే మిగిలేది రెండు లీటర్లే, అందులో సర్ఫు మూడు గ్రాములే. అలా ప్రతి జాడింపుకు ముందూ పిండుకుంటూ పోతే, పిండకుండా మూడుసార్లు జాడించి సాధించే శుభ్రత రెండుసార్లకే వస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా, విడతకు నలభై లీటర్ల నీళ్ళు మిగిల్చే లెక్క. ఆరాక బట్ట బిరుసుగా ఉండటం, చెమట పట్టినప్పుడు ఒంటికి దురద పెట్టడం కూడా చాలాసార్లు ఇలా మిగిలిపోయిన సబ్బు వల్లే.

పిండే టబ్బు చిన్నది. ఉతికిన మూడు కిలోలనూ ఒకేసారి అందులో కుక్కకుండా రెండు వాయిలుగా వేయాలి. బట్టల్ని ముద్దలా వేయకుండా, ఒక్కొక్కటీ విప్పి గోడ వెంబడి చుట్టూ సమంగా పరిచి, అరచేత్తో కిందికి అదమండి. ప్యాంట్లు ఒకవైపు, తువ్వాళ్ళు ఎదుటివైపు ఉండేలా బరువు సర్దండి. బట్టల పైన మెషిన్‌తో ఇచ్చిన గుండ్రటి ప్లాస్టిక్ పలకను అడ్డంగా నొక్కి పెట్టాలి. పనికిరానిదనుకుని దాన్ని మూలన పడేసే ఇళ్ళున్నాయి. అది లేకపోతే చిన్న గుడ్డ ఏదో ఒకటి ఎగిరి, తిరిగే డ్రమ్ముకూ బయటి గోడకూ మధ్య సందులో పడుతుంది. అప్పుడు మోటారు గుర్రుమంటుంది కానీ డ్రమ్ము తిరగదు. వెంటనే ప్లగ్ తీసి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పుతూ ఆ గుడ్డను లాగాలి.

టైమర్ తిప్పగానే దడదడమని మెషిన్ కదిలిపోతుంటే బరువు ఒకవైపు చేరిందని అర్థం. పైన చెయ్యి పెట్టి నొక్కి పట్టుకోవద్దు. ఆపి, బట్టలు మళ్ళీ సర్దండి. ఒక్క జీన్సు ప్యాంటే మిగిలితే, దానికి ఎదురుగా ఇంకో తడి తువ్వాలు వేసి తిప్పండి. రెయిన్‌కోటు, పరుపు మీద వేసే వాటర్‌ప్రూఫ్ షీటు లాంటివి ఇందులో ఎప్పుడూ వేయకూడదు. వాటిలోంచి నీళ్ళు బయటికి పోవు. అంత వేగంలో ఆ నీళ్ళ మూట ఒక్కసారిగా ఒకవైపు జరిగితే మెషిన్ ఎగిరిపడి పగిలిపోగలదు.

డ్రమ్ము సరిగ్గానే సర్దినా వేగం అందుకోకుండా బరువుగా తిరుగుతుంటే నీళ్ళు పోయే పైపును చూడండి. దాని చివర నేల మీద, మోరీ వైపు వాలుగా ఉండాలి. గడప మీదుగానో, బకెట్ అంచు మీదుగానో ఎత్తి పెడితే నీళ్ళు పోక పిండే టబ్బు అడుగున నిలుస్తాయి. డ్రమ్ము ఆ నీళ్ళలోనే ఈదుతుంది, మోటారు వేడెక్కుతుంది. చాలా మెషిన్లలో రెండు టబ్బుల నీళ్ళూ ఒకే పైపులోంచి పోతాయి. అందుకని ఉతికే టబ్బు ఖాళీ చేస్తున్న సమయంలో రెండోవైపు పిండడం పెట్టకండి. అటు నీళ్ళు ఇటు ఎక్కుతాయి.

చివరి పిండుడు కాటన్ బట్టలకు నాలుగైదు నిమిషాలు, సింథటిక్ వాటికి రెండు నిమిషాలు చాలు. అయ్యాక ప్లగ్ తీసి, నారపోగులు పట్టే చిన్న వల సంచిని తిప్పి కడగండి. అది నిండిపోతే ఆ పోగులే తిరిగి బట్టలకు అంటుకుంటాయి. రెండు మూతలూ కాసేపు తెరిచి ఉంచితే లోపల ముక్కవాసన పట్టదు.

కొన్ని విషయాల్లో మాత్రం సర్దుబాటు వద్దు. మెషిన్‌ని ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టాలి. తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పడేసి వాడకూడదు. పెట్రోలు, కిరసనాయిలు అంటిన బట్టలు ఏ టబ్బులోనూ వేయకూడదు. పిండే టబ్బు మూత ఎత్తగానే డ్రమ్ముకు బ్రేకు పడి కొన్ని సెకన్లలో ఆగాలి. పూర్తిగా నిలిచేదాకా చెయ్యి పెట్టకండి, తిరిగే గుడ్డ వేలికి చుట్టుకుంటే విరిచేస్తుంది. మూత తీశాక కూడా డ్రమ్ము పావు నిమిషానికి మించి తిరుగుతూనే ఉంటే బ్రేకు అరిగింది. మెకానిక్ వచ్చి మార్చేదాకా ఆ టబ్బు వాడొద్దు, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.