మళ్లీ అలాగే చేయగలవా?

2006లో అమెరికాలో 'ది బిగ్ బ్యాంగ్ థియరీ' అనే కామెడీ సిరీస్‌కి నటుల్ని వెతుకుతున్నారు. అందులో షెల్డన్ అనే పాత్రకి భౌతికశాస్త్రం కొట్టిన పిండి, మనుషులతో మెలగడం మాత్రం బొత్తిగా రాదు. అప్పటికి పెద్దగా పేరులేని జిమ్ పార్సన్స్ వచ్చి సీన్ చదివి వెళ్లాడు. సిరీస్ రూపకర్తల్లో ఒకరైన బిల్ ప్రేడీ, దొరికాడు మన షెల్డన్ అని సంబరపడ్డాడు. ఆయన భాగస్వామి చక్ లోరీ మాత్రం పెదవి విరిచాడు. ఇంత బాగా ఇంకోసారి చేయలేడు, అనవసరంగా ఆశ పెట్టుకోవద్దన్నాడు. మర్నాడు పార్సన్స్ మళ్లీ వచ్చాడు. ముందురోజు ఎలా చేశాడో అచ్చం అలాగే చేసి చూపించాడు.

లోరీది వట్టి చాదస్తం కాదు. సినిమాలో ఒక సీన్ ఒక్కసారి అద్భుతంగా పండితే చాలు, అది రీలు మీద ఉండిపోతుంది. సిరీస్ అలా కాదు. ఆ మనిషి అదే మాటతీరుతో, అదే నడకతో వారం వారం, ఏళ్ల తరబడి కనిపించాలి. ఒక్కసారి అదృష్టం కొద్దీ కుదిరిన నటన అక్కడ పనికిరాదు. అందుకే సిరీస్ ఆడిషన్లలో ఒకే మనిషిని, తరచుగా అవే పేజీలతో, పదేపదే పిలుస్తారు.

మొదటి గదిలో ఉండేది క్యాస్టింగ్ డైరెక్టర్. నటుడి చేతికి పూర్తి స్క్రిప్టు బదులు రెండు మూడు సీన్ల కాగితాలు ముందే అందుతాయి. వాటిని 'సైడ్స్' అంటారు. ఎదుటి పాత్ర మాటల్ని ఆఫీసులో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు, అదీ చాలాసార్లు ఏ భావమూ లేకుండా. ఆ పొడి మాటలకే ప్రాణమున్న జవాబు చెప్పాలి. నచ్చితే మళ్లీ పిలుస్తారు. ఈ రెండో పిలుపు 'కాల్‌బ్యాక్'. అప్పుడు రచయితలు, నిర్మాతలు కూడా కూర్చుంటారు. మొదటిసారి వేసుకున్న బట్టలే మళ్లీ వేసుకుని వెళ్లడం అక్కడి నటుల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. వాళ్లకి నచ్చిన మనిషే మళ్లీ వచ్చాడనిపించాలి కదా. చాలామంది తప్పటడుగు వేసేదీ ఇక్కడే. ఇంటికెళ్లి ఇంకా బాగా చేద్దామని కూర్చుని, పోయినసారి నచ్చినదాన్నే మార్చేస్తారు. మార్చి చెయ్యమని దర్శకుడు అడిగితే వెంటనే మార్చగలగాలి, అడగకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకోవాలి. చెప్పినంత సులువు కాదిది.

ఇక్కడిదాకా నెగ్గినవాళ్లు ఒక్కో పాత్రకి ముగ్గురో నలుగురో మిగులుతారు. అమెరికా పెద్ద చానళ్ల పద్ధతిలో వీళ్లు ముందు సిరీస్ తీసే స్టూడియో ముందు, తర్వాత దాన్ని ప్రసారం చేసే చానల్ ముందు పరీక్షకి నిలబడాలి. 'బిగ్ బ్యాంగ్'కి ఆ స్టూడియో వార్నర్ బ్రదర్స్, చానల్ సీబీఎస్. చానల్ పరీక్ష గదిలో అడుగుపెట్టకముందే నటుడు పూర్తి ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఎపిసోడ్‌కి ఎంత, ఏటా ఎంత పెంపు, ఎన్నేళ్లు కట్టుబడాలి, అన్నీ అందులో ఉంటాయి. పెళ్లిచూపులకు ముందే కట్నకానుకల కాగితం రాయించుకున్నట్టన్నమాట. సాధారణంగా ఆరేడేళ్లకి రాయించుకుంటారు. సొంత సేవల ఒప్పందాన్ని ఏడేళ్లు దాటి అమలు చేయకూడదని కాలిఫోర్నియా చట్టం అంటుంది కాబట్టి ఆ హద్దు. ముందే ఎందుకంటే, ఎంపికయ్యాక బేరం మొదలైతే పైచేయి నటుడిదవుతుంది. సంతకం పెట్టిన నటుడు ఓడిపోతే ఆ కాగితానికి విలువ లేదు. గెలిస్తే మాత్రం రాబోయే ఏళ్ల జీవితం అప్పటికే రాసిపెట్టి ఉంటుంది.

ఆ గదిని తలుచుకుని భయపడే నటులు చాలామంది. చానల్ పెద్దలు వరుసగా కూర్చుంటారు. పోటీదారులంతా బయట ఒకే వరండాలో ఎదురుచూస్తుంటారు, లోపలి నవ్వులు కూడా ఒక్కోసారి వినిపిస్తాయి. లోపలివాళ్లు ఆ జోకుల్ని ఉదయం నుంచి నాలుగోసారి వింటున్నారు, మరి నవ్వేదెవరు? కామెడీ నటుడికి నవ్వు రాకపోతే కంగారు పుడుతుంది, కంగారులో గొంతు పెంచుతాడు, పెంచేసరికి పాత్ర చెడుతుంది. ఈ ఇబ్బందుల వల్లే ఇప్పుడు చాలాచోట్ల మనుషుల ముందు కాకుండా కెమెరా ముందు చేయించి ఆ వీడియోనే చానల్‌కి పంపుతున్నారు. నా మటుకు నాకు అదే న్యాయం అనిపిస్తుంది. చూసేది కెమెరాలోంచే అయినప్పుడు పరీక్షా అందులోంచే ఉండాలి.

బాగా నటించినంత మాత్రాన పాత్ర దక్కుతుందనీ లేదు. నిర్మాతలు మొదట షెల్డన్‌గా అనుకున్న జానీ గలెకీ, తనకి లెనర్డ్ పాత్ర కావాలని అడిగి తీసుకున్నాడు. పార్సన్స్ అతని పక్కన నిలబడాల్సి వచ్చింది. ఇలా జంటల్ని మార్చి మార్చి ఒకే సీన్ చదివించడాన్ని 'కెమిస్ట్రీ రీడ్' అంటారు. విడివిడిగా ఇద్దరూ బాగుండి, కలిస్తే చప్పగా ఉండటం మామూలే.

కథానాయిక సంగతి ఇంకా చిత్రం. మొదట రాసుకున్న పాత్ర పేరు కేటీ, కాస్త కటువైన, దెబ్బలు తిన్న పిల్ల. ఆ పాత్రకి ఆడిషన్ ఇచ్చిన కేలీ క్వోకోని వయసు చాలదని పంపేశారు. అమాండా వాల్ష్‌తో మొదటి ఎపిసోడ్, అంటే 'పైలట్', తీశారు. దాన్ని చూసిన పరీక్షా ప్రేక్షకులకి కేటీ నచ్చలేదు. ఆ అమాయకపు కుర్రాళ్లని ఈవిడ ఏం చేస్తుందోనని వాళ్ల తరఫున బెంగపడ్డారు. నటి చేసిన తప్పేం లేదు, రాసిన పాత్రే ఆ పక్కన అతకలేదు. సీబీఎస్ దాన్ని ప్రసారం చేయలేదు, అలాగని వదిలెయ్యకుండా మళ్లీ తీయమంది. పాత్రని మెత్తగా, స్నేహంగా మార్చి పెన్నీ అని పేరు పెట్టారు. ఈసారి క్వోకోని పిలిచి తీసుకున్నారు. గలెకీ, పార్సన్స్ మొదటి పైలట్ నుంచి మిగిలారు. రెండో పైలట్ 2007 సెప్టెంబర్ 24న ప్రసారమైంది.

అంటే పైలట్ కూడా ఒక స్క్రీన్ టెస్టే, కాకపోతే ఖరీదైనది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'కీ ఇదే జరిగింది. మొదటి పైలట్‌లో డెనేరిస్‌గా నటించిన టామ్‌జిన్ మర్చంట్ స్థానంలోకి ఎమీలియా క్లార్క్ వచ్చింది, ఆ పాత్ర సన్నివేశాలు తిరిగి తీశారు.

మన డైలీ సీరియళ్లలో ఈ మెట్లన్నీ ఉండవు. ఫొటోలు, చిన్న వీడియో, లుక్ టెస్ట్, ఆ తర్వాత నేరుగా షూటింగ్. గొంతు డబ్బింగ్‌లో వస్తుంది కాబట్టి తెలుగు మాతృభాష కానివాళ్లూ నాయికలవుతారు. 'కార్తీక దీపం'లో వంటలక్కగా ఇంటింటికీ తెలిసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. ఆ కథకి మూలమైన మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు'లో ఆ పాత్ర ఆమెదే. ఏ గదిలోనూ పెట్టలేనంత పెద్ద పరీక్ష ఆమె అప్పటికే పాసై వచ్చింది. అందరికీ అలాంటి దాఖలా ఉండదు. పైలట్ తీసి చూసుకునే దశ లేకపోవడంతో మన దగ్గర నటుడు పాత్రకి అతికాడో లేదో ప్రసారం మొదలయ్యాకే తేలుతుంది. సీరియల్ మధ్యలో ముఖాలు మారడానికి కారణాలు చాలా ఉన్నా, ఇదీ ఒకటి.

ఆడిషన్‌కి వెళ్లాలనుకునే కుర్రకారు ఒకటి గుర్తుపెట్టుకోండి. సీన్ కాగితాలు అందగానే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, మర్నాడు చూసుకుని మళ్లీ అలాగే చేసి పోల్చుకోండి. ఆ పరీక్షకి ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. ఆడిషన్ పేరుతో రిజిస్ట్రేషన్ రుసుమో, పోర్ట్‌ఫోలియో ఖర్చో ముందే కట్టమన్నవాళ్ల దగ్గర అసలు పాత్రే ఉండకపోవచ్చు, అక్కణ్నించి లేచి వచ్చేయండి.